మండలాఫీసు మీద మాక్యుమెంటరీ: ఇంటర్వ్యూల స్క్రిప్టు డైరీ

ఇది 15 నిమిషాల మాక్యుమెంటరీ స్క్రిప్టు పని నోట్సు. మాక్యుమెంటరీ అంటే డాక్యుమెంటరీలా కనిపించే కల్పిత హాస్య కథ. స్థలం నల్లగొండ జిల్లాలో పేరు పెట్టని ఒక మండలం, అక్కడి తహసీల్దార్ ఆఫీసు, ఒక సోమవారం. మనుషులు కెమెరా ముందు కూర్చుని గంభీరంగా జవాబులు చెప్తారు, వాళ్ల వెనక ఆఫీసు తన పని తాను చేసుకుంటూ పోతుంది. హాస్యమంతా ఈ రెంటి నడుమ పుట్టాలి. సన్నివేశాల కంటే ఇంటర్వ్యూలు రాయడమే కష్టం కాబట్టి ఈ డైరీలో ఎక్కువ భాగం వాటి గురించే. ఏ జవాబు పడిపోయింది, ఎందుకు పడిపోయింది, దాని చోట ఏం పెట్టామన్నది వరుసగా ఉంది.

దశ 1: కెమెరా ఎందుకు వచ్చింది

మొదటి ప్రతిలో కెమెరా ఉత్తగనే ఆఫీసులో ఉంది. చదివిన ప్రతి ఒక్కరూ మూడో పేజీలోనే ఆగి ఒకటే అడిగారు: వీళ్లు కెమెరాను బయటికి ఎందుకు పంపట్లేదు? కోప్పడే ఉద్యోగి, కుర్చీలో కునుకు తీసే ఉద్యోగి, పక్క సెక్షన్ మీద చాడీ చెప్పే ఉద్యోగి, వీళ్లెవరూ తలుపు వేసుకోకపోవడం నమ్మశక్యంగా లేదు. జవాబు లేనంతకాలం ప్రతి సీను అబద్ధంలా కనిపించింది.

మూడు కారణాలు పెట్టి చూశాం.

1. టీవీ చానెల్ వాళ్లు వచ్చారు. పనికిరాలేదు. టీవీ అనగానే అందరూ నోరు కట్టేసుకుంటారు, "పై అధికారులను అడగండి" అన్న ఒక్క వాక్యంతో కథ అయిపోతుంది.
2. కాలేజీ పిల్లలు ప్రాజెక్టు కోసం తీస్తున్నారు. ఇదీ కుదరలేదు. పిల్లల ముందు ఉద్యోగులు మరీ తేలిగ్గా మాట్లాడారు, దాచుకోవాల్సిన అవసరమే లేకపోయింది.
3. కొత్తగా చేరే ఉద్యోగులకు చూపించడానికి శిక్షణ వీడియో. ఇది నిలబడింది.

మూడోది నిలబడడానికి కారణం భాషలో ఉంది. శిక్షణ వీడియో అనగానే మనిషి కాగితం మీది తెలుగులోకి పోతాడు. "దరఖాస్తు పరిశీలనలో ఉన్నది", "తగు చర్య నిమిత్తం సమర్పించడమైనది" అని మొదలుపెడతాడు. కెమెరా పక్కకు తిరగ్గానే అదే మనిషి "అవ్వా, సారు మీటింగుల ఉన్నడు, రేపు రా" అంటాడు. ఒకే నోటి నుంచి వచ్చే ఈ రెండు తెలుగుల నడుమ దూరమే మన ఆఫీసుల హాస్యానికి ముడిసరుకు. మొహం బిగించుకుని మాట్లాడడం నటుడికి వేరే నేర్పనక్కరలేదు, ఆఫీసు తెలుగే ఆ మొహాన్ని తెచ్చిపెడుతుంది.

ఇక్కడికి లెక్క: పేజీలు 0. నిర్ణయమైన వాక్యం ఒకటి: "ఆదర్శ కార్యాలయం పనితీరు మీద శిక్షణ వీడియో."

దశ 2: ఒక కాగితం, ఐదు టేబుళ్లు

ఆఫీసు మొత్తాన్ని చూపించాలని మొదలుపెడితే స్క్రిప్టు ఎటు పోతున్నదో తెలియదు. అందుకని ఒకే కాగితం వెంట పోవాలని నిర్ణయించాం. ఒక అవ్వ తన మనుమరాలి ఆదాయ ధృవీకరణ పత్రం కోసం వచ్చింది. మీసేవలో దరఖాస్తు పెట్టారు, గిర్దావర్ అనే రెవెన్యూ ఇన్‌స్పెక్టర్ విచారణ చేసి రాయాలి, తహసీల్దార్ డిజిటల్ సంతకం పడాలి. స్కాలర్‌షిప్పుకు అదే ఆఖరు రోజు. తహసీల్దార్ కలెక్టరేట్‌కు మీటింగుకు పోయాడు, డిజిటల్ సంతకం డాంగిల్ ఆయన బ్యాగులో ఉంది.

ఒక్కో ఉద్యోగికి ఒక్కటే కోరిక ఇచ్చాం: కెమెరా తన గురించి ఒక్క మాట నమ్మాలి. ఇష్టాయిష్టాలు, ఇంటి సంగతులు, ఊతపదాలు రాసుకున్న పాత పాత్రల కాగితాలన్నీ పక్కన పెట్టాం, వాటిలో ఏదీ ఇంటర్వ్యూ రాసేటప్పుడు చేతికి రాలేదు. పనికొచ్చింది ఇది ఒక్కటే:

1. నాయబ్ తహసీల్దార్: ఈ ఆఫీసులో పెండింగు లేదు.
2. సీనియర్ అసిస్టెంట్: నా టేబుల్ మీద ఏదీ ఆగదు.
3. గిర్దావర్: నేను ఎప్పుడూ ఫీల్డులోనే ఉంటాను.
4. కంప్యూటర్ ఆపరేటర్: నా చేతుల్లో ఏమీ లేదు, అంతా సర్వర్.
5. అటెండర్: ఈ ఆఫీసును నడిపేది నేను.

వీటిలో ఐదోది నిజం. నాలుగోది సగం నిజం. మిగతా మూడూ మాట వరకు నిజమే, పనిలో అబద్ధం. ఈ హెచ్చుతగ్గు కావాలనే పెట్టాం. అందరూ అబద్ధమే చెప్తే చూసేవాడికి రెండో ఇంటర్వ్యూ నుంచే కిటుకు తెలిసిపోతుంది. అటెండర్ చెప్పేది నిజమని నాలుగో నిమిషానికి అర్థమైతే, చూసేవాడు ప్రతి మాటనూ కొత్తగా తూకం వేయాల్సి వస్తుంది.

మొదటి ప్రతిలో వీఆర్వో పాత్ర కూడా ఉంది. తెలంగాణలో వీఆర్వో వ్యవస్థను 2020లోనే రద్దు చేశారు కాబట్టి తీసేశాం. ఆ పాత్ర నోట్లో ఉన్న మంచి మాటలు రెండు గిర్దావర్‌కు పోయాయి.

దశ 3: ఒక ఇంటర్వ్యూ, మూడు ప్రతులు

సీనియర్ అసిస్టెంట్ మొదటి ఇంటర్వ్యూను పూర్తిగా ఇక్కడ పెడుతున్నాం. మిగతావన్నీ దీన్ని చూసే సరిదిద్దాం.

మొదటి ప్రతి:

"మా ఆఫీసుల ఫైలు నత్తతోని పందెం పెట్టుకుంటే నత్తే గెలుస్తది సార్. నత్తకు కనీసం పోవాలని ఉంటది."

కాగితం మీద చదివితే నవ్వొస్తుంది. గట్టిగా చదివితే పడిపోయింది. ఇక్కడ మాట్లాడుతున్నవాడికి తన మాట హాస్యమని తెలుసు. అంటే అతడు ఉద్యోగి కాదు, రచయిత తరఫున వచ్చిన మనిషి. అంతకంటే పెద్ద నష్టం ఏమిటంటే, అంతా నోటితోనే చెప్పేశాడు కాబట్టి తర్వాత కెమెరా చూపించడానికి ఏమీ మిగల్లేదు. పరీక్ష తేలిక. జవాబు అయిపోయాక కెమెరాను ఆపేసినా నవ్వు అలాగే ఉంటే, ఆ మాట రేడియోకు పనికొస్తుంది, ఈ స్క్రిప్టుకు పనికిరాదు.

రెండో ప్రతి:

"ప్రజలకు సత్వర సేవలందించడమే మా ధ్యేయం. సిబ్బంది అంతా అంకితభావంతో పనిచేస్తున్నారు."

మొహం గంభీరంగానే ఉంది, జోకు లేదు. అయినా చచ్చిపోయిన మాట. కారణం, ఇందులో కెమెరా పోయి చూడగలిగింది ఏదీ లేదు. అంకితభావాన్ని ఫొటో తీయలేం. ఆ మాట తప్పని చూపాలంటే ఎవరో నిద్రపోతూ కనబడాలి, అది అందరూ ముందే ఊహించే బొమ్మ.

మూడో ప్రతి:

"నా టేబుల్ మీద ఫైలు ఆగిన దాఖలా లేదు. పదిన్నరకు వచ్చిన కాగితం పదకొండు లోపల ముందుకు కదులును. మీరే చూడవచ్చును."

కెమెరా టేబుల్ చూపిస్తుంది. నిజంగానే ఖాళీ, అద్దం తుడిచి ఉంది. మెల్లగా పక్కకు జరుగుతుంది. వచ్చినవాళ్లు కూర్చునే కుర్చీలో ట్యాగులు కట్టిన ఫైళ్లు వీపు ఆనే చోటు దాటి పేరుకుని ఉన్నాయి. కుర్చీ ఖాళీ లేక అవ్వ పక్కన నిలబడి ఉంది. మళ్లీ ఇంటర్వ్యూ. అతడు అటు చూస్తాడు, ఇటు చూస్తాడు.

"ఆ కుర్చీ నాది గాదు సార్."

ఇది నిలబడింది. ఎందుకో విడదీసి చూస్తే మూడు పనులు జరిగాయి. ఒకటి, చెప్పిన మాట కెమెరా సరిచూడగలిగేది: టేబుల్, ఫైలు, అరగంట. రెండు, కెమెరా అతడిని అబద్ధాలకోరు అని నిరూపించలేదు. టేబుల్ నిజంగా ఖాళీయే. తన మాటను నిలబెట్టుకోవడానికి అతడు చేసిన పని అవ్వకు కుర్చీ లేకుండా చేసింది, వ్యంగ్యం తగలాల్సింది అక్కడ. మూడు, "కదులును", "చూడవచ్చును" అన్న మనిషి చివరికి "గాదు"కు దిగాడు. ఆ జారడం ఒక్కసారే, ఆఖరి వాక్యంలోనే ఉండాలి. ముందే "నా టేబుల్ మీద ఫైలు ఆగది సార్" అనిపిస్తే ఆఖరున జారడానికి మెట్టు ఉండదు.

దీన్నిబట్టి ప్రతి ఇంటర్వ్యూకూ పెట్టుకున్న వరుస:

1. సరిచూడగలిగే ఒక మాట, ఆఫీసు తెలుగులో.
2. ఆ మాట వెనక ఏమున్నదో చూపే ఒక్క బొమ్మ. రెండు వద్దు.
3. తిరిగి వచ్చి ఒక సమర్థింపు, ఇంటి తెలుగులో, ఐదారు మాటల లోపు.

అన్ని ఇంటర్వ్యూలూ ఈ మూడు మెట్లూ ఎక్కితే విసుగు పుడుతుంది. అందుకే కొన్నింటికి మూడో మెట్టు కోసేశాం, బొమ్మ మీదే ఆగిపోతాయి. గిర్దావర్‌వి అన్నీ అలాంటివే. "నేను ఎల్లప్పుడూ క్షేత్రస్థాయిలో ఉందును" అంటాడు. కెమెరా కిటికీలోంచి చూస్తే అతడి బండి మీద కప్పిన కవరు, దాని మీద ఎండాకులు.

ఇక్కడికి లెక్క: 18 పేజీలు, 22 ఇంటర్వ్యూలు.

దశ 4: తెలుగులో టైపు చేయడం, పేజీ కొలత

స్క్రిప్టును, స్క్రిప్టులు రాయడానికే ఉన్న ఫౌంటెన్ పద్ధతిలో మామూలు టెక్స్టుగా రాశాం. ఏ ఫోనులోనైనా తెరుచుకుంటుంది, ఇద్దరు ముగ్గురు కలిసి దిద్దడం తేలిక. ఒక చిక్కు మాత్రం ఉంది. ఫౌంటెన్ పాత్ర పేరును పెద్దక్షరాలను బట్టి గుర్తుపడుతుంది. తెలుగులో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు కాబట్టి పేరూ, డైలాగూ అన్నీ వర్ణనలో కలిసిపోతాయి. పేరుకు ముందు `@`, సీను శీర్షికకు ముందు చుక్క, కట్‌కు ముందు `>` పెడితే సరిగ్గా విడిపోతాయి.

```
.లోపల. సీనియర్ అసిస్టెంట్ టేబుల్ - పగలు

@సీనియర్ అసిస్టెంట్
నా టేబుల్ మీద ఫైలు ఆగిన దాఖలా లేదు.

[[ఇంటర్వ్యూ 3. ఉదయం 11.20. అవ్వను చూశాడు.]]

> కట్:
```

రెండు చదరపు బ్రాకెట్ల మధ్య రాసింది రచయిత నోటు. ప్రింటు తీసేటప్పుడు దాన్ని వదిలేయమని చెప్పవచ్చు. దాని అవసరం దశ 5లో వస్తుంది.

పీడీఎఫ్ తీసేటప్పుడు కొన్ని యాప్‌లలో ఒత్తులు విడిపోతాయి. మొదటి పేజీలో "స్త్రీ", "లక్ష్మి", "దరఖాస్తు" అని రాసి పీడీఎఫ్ తీసి చూడాలి. ఈ మూడూ సరిగ్గా కుదురుకుంటే మిగతావీ కుదురుతాయి. విడిపోతే ఆ టెక్స్టును లిబ్రెఆఫీస్‌లోకి తీసుకుని నోటో సాన్స్ తెలుగు ఫాంటులో పెట్టి పీడీఎఫ్ చేయడం మేలు.

ఇక పేజీ కొలత. ఒక పేజీ అంటే తెర మీద సుమారు ఒక నిమిషం అన్న లెక్క 12 పాయింట్ కొరియర్ అక్షరాలకు కట్టింది. ఆ ఫాంటులో తెలుగు లేదు. తెలుగు అక్షరాల వెడల్పు వేరు, ఒత్తుల కోసం వరుసల మధ్య దూరం వేరు, కాబట్టి ఆ లెక్కను అలాగే వాడితే మోసపోతాం. స్టాప్‌వాచ్ పెట్టుకుని, వర్ణనలను కూడా జరిగే వేగంలోనే చదివి కొలిచాం. నోటో సాన్స్ తెలుగు 12 పాయింటులో మా పేజీ ఒక్కోటి సగటున 1 నిమిషం 10 సెకన్లు తీసుకుంది. 18 పేజీలంటే 21 నిమిషాలు, అనుకున్నదానికి 6 నిమిషాలు ఎక్కువ. ఎవరి పేజీ ఏర్పాటు వాళ్లది కాబట్టి ఈ అంకెను తీసుకోకుండా ఎవరికి వాళ్లు మూడు పేజీలైనా చదివి కొలుచుకోవాలి. ఆ మూడింటిలో ఒకటి ఇంటర్వ్యూలు ఎక్కువున్న పేజీ, ఒకటి వర్ణన ఎక్కువున్న పేజీ అయితే సగటు నమ్మొచ్చు.

దశ 5: ఎప్పుడు తీసిన ఇంటర్వ్యూ, అప్పటికి ఏం తెలుసు

అన్నిటికంటే ఎక్కువ తిరగరాత ఇక్కడే పడింది. మాక్యుమెంటరీ ఇంటర్వ్యూ సీనుకు ముందు తీసిందా, తర్వాత తీసిందా అన్నది చూసేవాడికి ఎవరూ చెప్పరు, కానీ మాటల కాలాన్నిబట్టి అతడు పట్టేస్తాడు. గిర్దావర్ ఒక జవాబులో "విచారణ పూర్తి గావించితిని" అన్నాడు. రెండు పేజీల తర్వాత అదే గిర్దావర్ అవ్వ ఊరి మనిషికి ఫోను చేసి, "ఆమెకు పొలం ఎంత ఉంటది అన్నా?" అని అడిగే సీను ఉంది. నవ్వు రావాల్సిన చోట గందరగోళం వచ్చింది. ఈ ఫోను విచారణకు ముందు చేశాడా, తర్వాతా?

ప్రతి ఇంటర్వ్యూ కింద బ్రాకెట్లలో మూడు సంగతులు రాయడం మొదలుపెట్టాం: నంబరు, ఆ రోజు గడియారం సమయం, అప్పటికి ఆ మనిషికి తెలిసింది. అట్లా రాసి చూస్తే 22లో 6 ఇంటర్వ్యూలు తప్పు సమయంలో ఉన్నాయి. గిర్దావర్‌ది ఇలా మారింది. ఉదయం 11.40కి, "విచారణ నేడు గావించబడును" అంటాడు. మధ్యాహ్నం ఫోను సీను. ఆ వెంటనే 3.10కి మళ్లీ ఇంటర్వ్యూ: "విచారణ గావించబడినది." అంతే, రెండే మాటలు. "గావించబడును" నుంచి "గావించబడినది"కి నడుమ జరిగిందంతా ఒక ఫోను కాల్. పేరాగ్రాఫు జవాబు చేయలేని పనిని ఆ క్రియ మార్పు చేసింది. ఎవరు చేశారో చెప్పకుండా పని జరిగిపోయిందని చెప్పే వీలు ఆఫీసు తెలుగులో ఉంది, దాన్ని గిర్దావర్ జవాబులన్నింటికీ పునాది చేశాం.

ప్రశ్నల సంగతి కూడా ఇక్కడే తేల్చాం. అడిగేవాడి గొంతు వినిపించకూడదు. అందుకని జవాబులోనే విషయం తెలిసిపోవాలి. "అవును, అప్పుడప్పుడు" అన్న జవాబు ప్రశ్న లేకుండా నిలబడదు. "సర్వర్ అప్పుడప్పుడు నడుస్తది" నిలబడుతుంది. నటుడి కోసం ప్రశ్నను నోటులో రాసి ఉంచాం, ప్రింటులో అది రాదు.

దశ 6: కోత

22 ఇంటర్వ్యూలు ఒక్కోటి సగటున 25 సెకన్లు. మొత్తం 9 నిమిషాల 10 సెకన్లు, అంటే 21 నిమిషాల్లో దాదాపు 44 శాతం. ఇంత ఉంటే ఆఫీసు నడవదు, జనం కూర్చుని మాట్లాడుతూనే ఉంటారు. కోయడానికి పెట్టుకున్న ప్రశ్నలు రెండు:

1. ఈ ఇంటర్వ్యూ తీసేస్తే తర్వాతి సీను అర్థం కాకుండా పోతుందా, లేక దాని అర్థం మారుతుందా? రెండూ కాకపోతే కోత.
2. సీనులో కనిపించిందే మళ్లీ మాటల్లో చెప్తున్నారా? అయితే కోత, ఎంత బాగున్నా సరే.

రెండో ప్రశ్నకే ఎక్కువ పోయాయి. అటెండర్ అవ్వకు తన స్టూలు ఇచ్చే సీను తర్వాత అతడు ఇంటర్వ్యూలో, "పెద్దమనిషి నిలబడుకుంటే చూడబుద్ధి గాలే" అనేవాడు. మంచి మాటే. కానీ స్టూలు ఇచ్చినప్పుడే ఆ మాట వినిపించింది. తీసేశాక ఆ సీను బరువు పెరిగింది.

మౌనాలను కూడా కొలవాల్సి వచ్చింది. మొదట ప్రతి జవాబు తర్వాత "(2 సెకన్లు మౌనం)" అని ఉంది. కాగితం మీద మౌనాన్ని ఎవరూ చదవరు, దాటేస్తారు. తెర మీద అన్ని మౌనాలూ ఒకేలా ఉంటే అలవాటైపోతాయి. ఇప్పుడు మౌనం నాలుగు చోట్లే ఉంది, నాలుగింటిలోనూ ఆ వ్యవధిలో మనిషి చేసే ఒక చిన్న పని రాశాం. నాయబ్ పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెడతాడు. చదివేవాడి కన్ను ఆ వరుస మీద ఆగినంతసేపూ మౌనం జరుగుతుంది.

చూపుల లెక్క కూడా అలాంటిదే. ఇంటర్వ్యూలో మనిషి చూసేది అడిగేవాడి వైపు, అంటే కెమెరాకు కొంచెం పక్కకు. నేరుగా కెమెరా కంట్లోకి చూడడం అంటే చూసేవాడితో రహస్యం పంచుకోవడం. 18 పేజీల ప్రతిలో అందరూ కలిసి 17 సార్లు చూశారు. ఇప్పుడు ఆ హక్కు ఆపరేటర్ అమ్మాయికే ఉంది, అదీ మూడు సార్లే. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగి కాబట్టి పైకి ఏమీ అనే వీలు ఆమెకు లేదు, జరిగేదంతా మాత్రం ఆమె స్క్రీను మీదే కనిపిస్తుంది. నాయబ్ "పెండింగు లేదు" అన్నప్పుడు ఆమె ఒక్కసారి కెమెరా వైపు చూసి మళ్లీ కీబోర్డు వైపు తిరుగుతుంది. మిగతావాళ్లు చూడడం మానేశాకే ఈ చూపుకు విలువ వచ్చింది.

ఇక్కడికి లెక్క: 13 పేజీలు, 15 నిమిషాల 10 సెకన్లు. 12 ఇంటర్వ్యూలు, సగటు 18 సెకన్లు, మొత్తం 3 నిమిషాల 36 సెకన్లు. పావు భాగం కంటే కొంచెం తక్కువ. ఇది సరైన పాలు అని చదివినప్పుడే తెలిసింది, రెండు ఇంటర్వ్యూల నడుమ ఆఫీసు గుర్తుంటున్నది.

దశ 7: అవ్వ

మొదటి ప్రతుల్లో అవ్వకు చెవుడు, తప్పు వినడం, ఆధార్‌ను ఇంకోలా పలకడం వంటివి ఉన్నాయి. అన్నీ తీసేశాం. దర్జాగా కుర్చీలో ఉన్నవాడిని చూసి నవ్వడం వ్యంగ్యం. నిలబడి ఉన్నవాళ్లను చూసి నవ్విస్తే ఆ 15 నిమిషాలూ ఆఫీసు పక్షాన నిలబడినట్టే.

ఆమెకు ఒక ఇంటర్వ్యూ ఉంది, ఏడో నిమిషంలో. ఆఫీసు తెలుగు ఆమెకు లేదు, కాబట్టి దిగడానికి మెట్టూ లేదు. తర్వాత ఏ బొమ్మా రాదు, ఆమె చెప్పినదాన్ని కెమెరా పోయి సరిచూడదు.

"ఆరింటి బస్సుకొచ్చిన. మళ్ల బస్సు నాలుగింటికి ఉన్నది. నాలుగింటిదాంక చూస్త."

ఇందులో పాత వాక్యం ఒకటి ఉండేది: "రానుపోను కిరాయికే పైసలన్నీ అయిపోతున్నయి." 2023 డిసెంబర్ నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. ఆ మాట ఉంచితే మొదటి చూపరే పట్టుకుంటాడు, మిగతా స్క్రిప్టు మీద కూడా నమ్మకం పోతుంది. పైసల బదులు సమయం పెట్టాక మాటకు ఇంకా బలం వచ్చింది, ఎందుకంటే నాలుగు గంటలన్నది కథకు గడువు కూడా అయింది. ఇలాంటి కాలదోషాల కోసం, రెవెన్యూలో పనిచేసి రిటైరైన ఒకరికి స్క్రిప్టు మొత్తం గట్టిగా చదివి వినిపించడం తప్పనిసరి మెట్టుగా పెట్టుకోవాలి. ఏ కాగితం ఏ టేబుల్ నుంచి ఏ టేబుల్‌కు పోతుందో వాళ్లు వింటూనే దిద్దుతారు.

దశ 8: ముగింపు సీను

రెండు ముగింపులు పడిపోయాయి. ఒకదానిలో డ్రైవర్ 3.50కి డాంగిల్ తెస్తాడు, సంతకం పడుతుంది, అవ్వ బస్సెక్కుతుంది. అప్పటిదాకా చూపిందంతా ఒక డాంగిల్ తప్పుగా మిగిలింది. ఇంకొకదానిలో కరెంటు పోతుంది. కరెంటు పోవడం ఎవరి తప్పూ కాదు కాబట్టి ఐదుగురూ తప్పించుకున్నారు.

నిలబడింది నాయబ్ కోరికలోంచే వచ్చింది. పెండింగు లేదని చూపాలి, కాబట్టి 3.55కి ఆ దరఖాస్తును "వివరములు స్పష్టముగా లేవు" అన్న రిమార్కుతో వెనక్కి పంపుతాడు. వెనక్కి పోయినది పెండింగు లెక్కలోకి రాదు. ఆపరేటర్ ఎంటర్ కొడుతుంది, తన మూడో చూపు ఇక్కడే. తర్వాత నాయబ్ ఆఖరి ఇంటర్వ్యూ:

"నేటి సాయంత్రం నాలుగు గంటలకు ఈ కార్యాలయమున పెండింగు నిల్."

ఈ జవాబు తర్వాత ఇంటి తెలుగు లేదు. దశ 3 వరుస ప్రకారం ఒక సమర్థింపు రాయాలి, నాలుగైదు రాసి చూశాం కూడా. "ఏం చేస్తం సార్" అన్నా సరే, ఆయనకు తాను చేసింది తెలుసని ఒప్పించినట్టు అవుతున్నది. ఆయన నిజంగా నమ్మాలి. అందుకే ఆఫీసు తెలుగులోనే వదిలేశాం.

మిగిలిన పని: 12 ఇంటర్వ్యూలూ ఒకే గదిలో ఒక్క పూటలో తీయాలి, కథలో అవి ఉదయం 10.40 నుంచి సాయంత్రం 4 దాకా పరుచుకుని ఉన్నాయి. బ్రాకెట్లలోని సమయాలను బట్టి వరుస కట్టి, ఒక్కోదాని పక్కన కిటికీ వెలుగు ఏ వైపు ఉండాలి, గోడ గడియారం ముల్లు ఎక్కడ ఉండాలి, నాయబ్ జేబులో పెన్నులు ఎన్ని ఉండాలి అన్న పట్టిక తయారుచేయాలి. గిర్దావర్‌వి వెనుక నుంచి ముందుకు తీయడం మంచిది. 3.10 జవాబులో చొక్కా నలిగి ఉండాలి, 11.40 జవాబుకు ఇస్త్రీ చేసిన ఇంకో జత ముందే తెచ్చి పెట్టుకోవాలి.